సోమవారం పొద్దున్న తెరుచుకోని లాప్‌టాప్: కొత్తగా చేరేవాళ్లకి పంపే మెసేజ్ మీద ఒక కేస్ స్టడీ

మా సపోర్ట్ టీమ్‌లో తొమ్మిది మందిమి ఉంటాం. ఆరుగురం హైదరాబాద్‌లో, ముగ్గురు డాలస్‌లో. లీడ్‌ని నేనే కాబట్టి ఎవరైనా కొత్తగా చేరుతుంటే ముందుగా ఓ మెసేజ్ పంపే పని కూడా నాదే. నాలుగేళ్లు ఒకే మెసేజ్‌ని పేరు మార్చి, తేదీ మార్చి పంపుతూ వచ్చాను. అందులో ఏ తప్పూ ఉన్నట్టు నాకు అనిపించలేదు, ఎందుకంటే అప్పటిదాకా చేరినవాళ్లంతా మొదటిరోజు ఆఫీసుకే వచ్చేవాళ్లు. లాగిన్ కాకపోతే పక్క కుర్చీలోంచి ఎవరో ఒకరు లేచి వెళ్లి కానిచ్చేసేవారు, మెసేజ్‌లో ఏం రాశానో ఎవరూ చూసుకోలేదు.

2025 మార్చిలో ఒక అమ్మాయి చేరింది. ఇంజినీరింగ్ అయిపోయి కొన్ని నెలలే అయింది, వాళ్లది విజయనగరం. హైదరాబాద్‌లో హాస్టల్ దొరికేదాకా రెండు వారాలు ఇంటి నుంచే పని చేస్తానంది, మేం సరే అన్నాం, లాప్‌టాప్ కొరియర్‌లో పంపాం. చేరే రోజు మార్చి 10, సోమవారం. ఆ రోజు ఆ పిల్ల పది గంటలకి మొదలుపెట్టాల్సింది, తన డెస్క్‌టాప్ మొహం చూసేసరికి మధ్యాహ్నం 1:40 అయింది. ఆలస్యం ఎక్కడెక్కడ జరిగిందో తర్వాత ఆమెతోనూ ఐటీ అతనితోనూ కూర్చుని రాసుకున్నాను. అదే ఇక్కడ పెడుతున్నా.

ముందు నేను పంపిన మెసేజ్ చూడండి. మా మెసేజ్‌లు సగం ఇంగ్లీషులో ఉంటాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

> హాయ్, టీమ్‌లోకి స్వాగతం! సోమవారం కలుద్దాం. షిఫ్ట్ 10 నుంచి 7. రాత్రి 8:30కి డాలస్ వాళ్లతో కాల్ ఉంటుంది, అందరూ పరిచయమవుతారు. ఈ లింక్‌లో లాగిన్ సెటప్ చేసుకోండి: aka.ms/mysecurityinfo, కోడ్ కింద ఇస్తున్నా. ఏ ఇబ్బంది వచ్చినా హెల్ప్‌డెస్క్ పోర్టల్‌లో టికెట్ వేయండి లేదా మా ఎవరినైనా అడగండి. ఆల్ ది బెస్ట్!

చదవడానికి బాగానే ఉంది కదా. శుక్రవారం సాయంత్రం 6:10కి నా సొంత నంబర్ నుంచి వాట్సాప్‌లో పంపాను.

కోడ్ సంగతి కొంచెం చెప్పాలి, తెలియనివాళ్ల కోసం. మాది మైక్రోసాఫ్ట్ అకౌంట్ల ఏర్పాటు. కొత్త మనిషికి పాస్‌వర్డ్ బదులు ముందు టెంపరరీ యాక్సెస్ పాస్ అనే తాత్కాలిక కోడ్ ఇస్తాం. దాంతో ఒకసారి లోపలికి వచ్చి, ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్‌ని అకౌంట్‌కి జత చేసుకుంటే, ఆ తర్వాత రోజూ యాప్‌తోనే లాగిన్. మంచి పద్ధతే, కానీ ఆ కోడ్‌కి ఆయుష్షు ఉంటుంది. ఐటీ వాళ్లు ఏమీ మార్చకుండా తయారు చేస్తే ఒక్క గంటే. మా ఐటీ అతను 5:30కి చేశాడు, చాట్‌లో నాకు పెట్టాడు, నేను వేరే కాల్‌లో ఉండి 6:10కి పంపాను. అంటే ఆమె చేతికి వెళ్లేసరికే ఇరవై నిమిషాల ఆయుష్షు మిగిలింది. ఈ లెక్క నాకు తెలియదు, ఐటీ అతనికి నేను ఎప్పుడు పంపుతానో తెలియదు.

ఆ ఇరవై నిమిషాలైనా ఆమెకి దక్కలేదు. తెలియని నంబర్ నుంచి లింకు, కింద కోడ్, 'ఆల్ ది బెస్ట్'. వాళ్లన్నయ్య బ్యాంకులో పనిచేస్తాడు. చూడగానే "ఇది ఫ్రాడ్, నొక్కొద్దు, హెచ్‌ఆర్‌ని అడుగు" అన్నాడట. ఆయన్ని తప్పు పట్టడానికి ఏముంది, దొంగ ఉద్యోగాల మెసేజ్‌లు అచ్చం ఇలాగే ఉంటాయి. హెచ్‌ఆర్ ఆవిడ శుక్రవారం సాయంత్రం ఫోన్ ఎత్తలేదు, శనివారం పదకొండింటికి "అవును, మా లీడే" అని చెప్పింది.

శనివారం అమ్మాయి తన ఇంట్లో ఉన్న సొంత లాప్‌టాప్‌లో లింక్ తెరిచింది. మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది, నచ్చిన అంటే తల పట్టుకునేలా చేసిన అని. ఆ లాప్‌టాప్‌లో కాలేజీ వాళ్లు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్ నాలుగేళ్లుగా లాగిన్ అయ్యే ఉంది. ఆ లింక్ ఏ కంపెనీకి చెందిందీ కాదు, అందరికీ అదే లింక్, బ్రౌజర్‌లో ఎవరి అకౌంట్ తెరిచి ఉంటే వాళ్ల సెక్యూరిటీ పేజీ చూపిస్తుంది. ఆమెకి కాలేజీ అకౌంట్ పేజీ వచ్చింది. కోడ్ అడగనే లేదు. `Add sign-in method` నొక్కింది, యాప్ వేసుకుంది, ఫోన్‌తో స్క్రీన్ మీది చదరం స్కాన్ చేసింది, అంతా పచ్చ టిక్కులు. నాకు "సెటప్ అయిపోయింది సర్" అని మెసేజ్ పెట్టింది. నేను బొటనవేలు పెట్టాను. చక్కగా కాలేజీ అకౌంట్‌కి తాళం బిగించుకుని మేమిద్దరం ఆదివారం హాయిగా నిద్రపోయాం.

యాప్ తెరిచి చూస్తే అకౌంట్ దగ్గర కాలేజీ పేరే కనిపిస్తుంది, కంపెనీ పేరు కాదు. అది చూస్తే చాలు, అప్పుడే తెలిసిపోయేది. చూడమని నేను ఎక్కడా రాయలేదు.

సోమవారం 9:45కి కంపెనీ లాప్‌టాప్ తెరిచింది. వైఫై అయింది, యూజర్‌నేమ్ కొట్టింది, కోడ్ అడిగింది. శుక్రవారం కోడ్ కొట్టింది. రాలేదు. మళ్లీ కొట్టింది. ఓ అయి ఉంటుందా సున్నా అయి ఉంటుందా అని మార్చి మార్చి కొట్టింది. కోడ్ ఎప్పుడో చచ్చిపోయిందని తెర మీద స్పష్టంగా లేదు మరి, తన టైపింగే తప్పనుకుంది. ఇంకో సంగతి, ఆమె అన్నయ్య "ఎస్‌ఎంఎస్‌లో ఓటీపీ వస్తుందేమో చూడు" అంటే ఒక పావుగంట ఫోన్ పట్టుకుని అలా కూర్చుందట. మనకి ఓటీపీ అంటే ఆరంకెల ఎస్‌ఎంఎస్సే, బ్యాంకూ అదే నేర్పింది, గ్యాస్ బుకింగూ అదే నేర్పింది. మా దగ్గర ఎస్‌ఎంఎస్ ఏదీ రాదు అన్న ఒక్క ముక్క మెసేజ్‌లో ఉంటే ఆ పావుగంట మిగిలేది.

సరే, హెల్ప్‌డెస్క్ పోర్టల్‌కి వెళ్లింది. అది లాగిన్ అడిగింది. లాగిన్ కాలేదని చెప్పుకోవడానికి లాగిన్ కావాలి! పోర్టల్ పేజీ కింద హెల్ప్‌డెస్క్ మెయిల్ ఐడీ కనిపిస్తే తన జీమెయిల్ నుంచి రాసింది. బయటి మెయిళ్ల నుంచి వచ్చేవి ఆ బాక్స్ తీసుకోదు, తిరిగొచ్చేసింది. ఇక మిగిలింది 'మా ఎవరినైనా అడగండి'. ఎవరినైనా అంటే ఎవరిని? ఆమె దగ్గర ఉన్నది నా నంబర్ ఒక్కటే. నేను సోమవారం 10 నుంచి 11:15 దాకా వారపు మీటింగ్‌లో ఉంటాను, ఫోన్ సైలెంట్. ఆమె ఫోన్ కూడా చేయలేదు, మొదటిరోజే లీడ్‌కి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని. 10:50కి "సారీ సర్, డిస్టర్బ్ చేస్తున్నాను, కొంచెం లాగిన్ ఇష్యూ ఉంది, మీకు వీలైనప్పుడు" అని పెట్టింది. నేను చూసింది 11:20కి.

ఐటీ అతను 11:30కి కొత్త కోడ్ ఇచ్చాడు. దాన్ని నేను ఒక వాక్యంలో పెట్టి పంపాను. 'మీ కొత్త కోడ్ ఇది' అని రాసి, కోడ్ రాసి, చివర అలవాటుగా చుక్క పెట్టాను. కోడ్‌లో గుర్తులు కూడా ఉండడంతో ఆ చుక్కని కూడా కోడ్ అనుకుని కొట్టింది. రాలేదు. పైగా ఆమెకి ఒకదాని కింద ఒకటి రెండు కోడ్లు ఉన్నాయి చాట్‌లో. ఒక మనిషికి ఒక సమయంలో ఒకే కోడ్ చెల్లుతుంది, కొత్తది రాగానే పాతది పోతుంది, అది ఆమెకి తెలియదు కాబట్టి మధ్యలో పాతది కూడా ప్రయత్నించింది. ఐటీ అతను సైన్-ఇన్ లాగ్‌లో చూసి "ప్రయత్నాలు మన దాకా వస్తున్నాయి, యూజర్‌నేమ్ కరెక్టే, కోడే తప్పు" అన్నాడు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఈ లాగే. అక్కడ ఆమె పేరున ఒక్క ప్రయత్నం కూడా కనిపించకపోతే యూజర్‌నేమ్‌లో @ తర్వాతి భాగం తప్పు కొడుతోందనో వేరే అకౌంట్లో ఉందనో అర్థం. ఫెయిల్ అయినట్టు కనిపిస్తే గొడవ కోడ్ దగ్గరే. అప్పుడు ఫోన్ చేసి ఒక్కో అక్షరం చదివించాను, చివర "చుక్క" అంది. చుక్క తీసేయమన్నాను. 12:10.

అయిపోయిందనుకున్నాం. కొత్త లాప్‌టాప్ మొదటిసారి లాగిన్ అయ్యాక కంపెనీ యాప్‌లూ సెట్టింగ్‌లూ దించుకుంటూ ఒక తెర చూపిస్తుంది, వాళ్లింటి నెట్ మీద అది యాభై నిమిషాలు పట్టింది. అయ్యాక పిన్ పెట్టుకోమంది, పిన్ పెట్టే ముందు మీరు మీరేనా అని మళ్లీ కోడ్ అడిగింది. 11:30కి పుట్టిన గంట కోడ్ 12:30కే పోయింది. మూడో కోడ్. ఈసారి చుక్క లేకుండా. పిన్ పెట్టి, కంపెనీ అకౌంట్‌తో ఆథెంటికేటర్ జత చేసి, మెయిల్ తెరిచేసరికి 1:40.

సాయంత్రం ఇంకోటి మిగిలింది. 8:30కి కాల్ అన్నాను కదా. డాలస్ వాళ్లకి అది పొద్దున్న 9. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, 2025లో అది మార్చి 9, అంటే సరిగ్గా ఆ ముందురోజు. వాళ్ల 9 మనకి శనివారం దాకా రాత్రి 8:30, ఆదివారం నుంచి 7:30. క్యాలెండర్ ఆహ్వానంలో టైమ్ దానంతటదే మారిపోయింది, మిగతావాళ్లమంతా క్యాలెండర్ చూసి 7:30కి చేరాం. ఆమె పాపం పొద్దుటి నుంచి క్యాలెండర్ ముఖమే సరిగ్గా చూడలేదు, నా మెసేజ్‌నే నమ్ముకుంది. 8:25కి తయారై కూర్చుంటే కాల్‌లో ఎవరూ లేరు. నాలుగేళ్లుగా ఆ మెసేజ్‌లో 8:30 అనే ఉంది, ఎండాకాలమైనా చలికాలమైనా. వేసవిలో చేరినవాళ్లు ఆఫీసులో ఉండేవాళ్లు కాబట్టి అందరితో పాటు లేచి వెళ్లారు.

మార్చి తర్వాత మార్చినవి

రాసుకున్నది చూస్తే ప్రతి చోటా ఒకే పొరపాటు. లోపల ఉన్నవాడు లోపలి నుంచి రాశాడు. టికెట్, క్యాలెండర్, 'ఎవరైనా' అనబడే టీమ్, ఇవన్నీ తలుపు అవతల ఉన్నవి. తలుపు బయట నిలబడ్డ మనిషికి ఉన్నవి మూడే: సొంత ఫోన్, సొంత మెయిల్, హెచ్‌ఆర్ ఆవిడ గొంతు. కొత్త మెసేజ్ ఆ మూడింటి మీదే నిలబడాలి అనుకున్నాను.

మొదట విడదీసింది చదివే మెసేజ్‌నీ తాళం చెవినీ. చదివేది గురువారం సాయంత్రం సొంత మెయిల్‌కి వెళ్తుంది, అందులో కోడ్ ఉండదు. కోడ్ సోమవారం పొద్దున్న, నేను ఫోన్‌లో ఉండగా, వాట్సాప్‌లో వెళ్తుంది, ఆ మెసేజ్‌లో కోడ్ తప్ప ఒక్క అక్షరం కూడా ఉండదు. శుక్రవారమే సెటప్ చేయించడం మానేశాం. చేరని మనిషి చేత పని చేయించడం ఎలాగూ సరికాదు, దానికి మించి, ఇంటి లాప్‌టాప్‌లో చేయించకపోతే కాలేజీ అకౌంట్ గొడవే రాదు. అన్నీ కంపెనీ లాప్‌టాప్‌లో చేస్తే బ్రౌజర్‌లో ఉండేది కంపెనీ అకౌంట్ ఒక్కటే. ఫోన్‌తో స్కాన్ చేయడానికి ఎదురుగా వేరే తెర కూడా ఉంటుంది. మెయిల్‌ని ఫోన్‌లోనే తెరిచి, అదే ఫోన్‌తో అదే తెరని స్కాన్ చేయబోయి ఆగిపోయినవాళ్లని ఇంతకుముందు చూశాను.

కోడ్ ఆయుష్షు గురించి ఐటీ అతనితో కూర్చుని లెక్క వేశాం. లాప్‌టాప్ సర్దుకోవడానికి గంట, ముందు ఒక అరగంట తడబాటు, తర్వాత యాప్ జత చేయడానికి పావుగంట. నాలుగు గంటలు పెడదాం అన్నాను, అతను రెండు చాలన్నాడు, ఎక్కువసేపు బతికే కోడ్ దొంగ చేతిలో పడితే కష్టం అని అతని భయం, న్యాయమైనదే. చివరికి నాలుగు గంటలకి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు మీద: నేను హెచ్‌ఆర్ ఫైల్లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేయాలి, ఎవరైనా మాకు ఫోన్ చేసి 'నేనే కొత్త ఉద్యోగిని, కోడ్ ఇవ్వండి' అంటే ఇవ్వకూడదు. అతనికి సోమవారం పొద్దున్న ఊపిరాడదు. అందుకని కోడ్ శుక్రవారమే తయారు చేసి, సోమవారం 9:30 నుంచి మొదలయ్యేలా పెడతాడు, అలా మొదలయ్యే టైమ్‌ని తర్వాతి రోజుకి పెట్టే వీలుంది. కోడ్ తయారు చేసినప్పుడు ఒక్కసారే తెర మీద కనిపిస్తుంది, మళ్లీ చూద్దామంటే ఉండదు, కాబట్టి మా టీమ్ పాస్‌వర్డ్ వాల్ట్‌లో పెట్టి వెళ్తాడు.

ఇక నమ్మకం. వాళ్లన్నయ్య వేసిన ప్రశ్నకి జవాబు మెసేజ్‌లో ఉండలేదు, ఉండదు కూడా, ఎందుకంటే 'నేను దొంగని కాదు' అని దొంగ కూడా రాస్తాడు. ఆ జవాబు ముందే తెలిసిన గొంతులోంచి రావాలి. హెచ్‌ఆర్ ఆవిడ ఎలాగూ బుధవారం కాగితాల కోసం ఫోన్ చేస్తుంది. ఆ కాల్‌లోనే రెండు మాటలు చేర్చమన్నాం: లీడ్ పేరు ఫలానా, గురువారం ఫలానా ఐడీ నుంచి మెయిల్ వస్తుంది, సోమవారం, చివరి నాలుగంకెలు ఫలానా అయిన నంబర్ నుంచి ఫోన్ వస్తుంది.

ఎవరిని అడగాలి అన్న దగ్గర నాకు ఎక్కువ టైమ్ పట్టింది. 'మొహమాటపడకుండా అడగండి' అని ఎంత రాసినా కొత్తవాళ్లు మొహమాటపడతారు, అది రాస్తే పోయేది కాదు. అందుకని అడగడాన్ని వాళ్ల ఇష్టానికి వదలకుండా నిమిషాలకి ముడిపెట్టాను. పది నిమిషాలు ఒకే తెర మీద ఆగిపోతే ఫోన్ చేయాలి, అది కూడా చేయాల్సిన పనుల్లో ఒకటి. టీమ్‌లో చేరి ఏడాది అయిన కుర్రాడిని ఆ పొద్దుటికి తోడుగా పెట్టాం. ముందు అతన్ని అడిగాం, ఆ రోజు పదకొండింటి దాకా వేరే పని పెట్టుకోనని ఒప్పుకున్నాకే పేరు వేశాం. పేరు వేసి అతనికి చెప్పకపోతే 'మా ఎవరినైనా' అన్న దానికి దీనికి తేడా లేదు.

గురువారం వెళ్లే మెయిల్ ఇప్పుడు ఇలా ఉంటుంది. పేర్లూ నంబర్లూ తీసేశాను.

> నమస్తే … గారు,
>
> నేను మీ టీమ్ లీడ్‌ని. బుధవారం హెచ్‌ఆర్ ఆవిడ ఫోన్‌లో చెప్పిన మెయిల్ ఇదే. సందేహం ఉంటే మీ ఆఫర్ లెటర్‌లో ఉన్న హెచ్‌ఆర్ నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, ఈ మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాదు.
>
> సోమవారం దాకా చేయాల్సింది రెండే. లాప్‌టాప్ డబ్బా తెరిచి, చార్జర్ ఉందో లేదో చూసి, పూర్తిగా చార్జ్ చేసి పెట్టండి, ఆన్ చేయొద్దు. ఫోన్‌లో Microsoft Authenticator యాప్ వేసుకోండి, అదే బొమ్మతో వేరేవి కూడా ఉంటాయి, కింద Microsoft Corporation అని ఉన్నదే తీసుకోండి. యాప్ తెరవాల్సిన పని లేదు.
>
> సోమవారం పొద్దున్న 9:40కి నేను ఫోన్ చేస్తాను. మీరు లాప్‌టాప్ ఆన్ చేసి ఇంటి వైఫైకి కలపండి. మీ యూజర్‌నేమ్ కింద ఉంది, @ తర్వాతి భాగంతో సహా కొట్టాలి. కోడ్ అడిగినప్పుడు నేను వాట్సాప్‌లో పంపుతాను. ఎస్‌ఎంఎస్‌లో ఓటీపీ ఏదీ రాదు. ఆ కోడ్ మధ్యాహ్నం 1:30 దాకా పనిచేస్తుంది, రెండు మూడు సార్లు అడుగుతుంది, ప్రతిసారీ అదే.
>
> తర్వాత లాప్‌టాప్ దానంతటది గంట దాకా సర్దుకుంటుంది. మూత వేయొద్దు, టిఫిన్ చేసి రండి. డెస్క్‌టాప్ వచ్చాక అదే లాప్‌టాప్‌లో aka.ms/mysecurityinfo తెరిచి, Add sign-in method నొక్కి, యాప్‌ని జత చేయండి. చివర యాప్‌లో అకౌంట్ దగ్గర మన కంపెనీ పేరు ఉందో లేదో చూసి నాకు చెప్పండి. ఆ రోజు నుంచి లాగిన్ అయినప్పుడు లాప్‌టాప్ మీద రెండంకెల సంఖ్య కనిపిస్తుంది, దాన్ని ఫోన్‌లో కొట్టాలి. మీరు లాగిన్ కాకుండానే ఫోన్ అడిగితే No, it's not me నొక్కి మాకు చెప్పండి.
>
> కోడ్ మేం ఇస్తాం, మేం ఎప్పుడూ అడగం. అడిగినవాళ్లు మా వాళ్లు కారు.
>
> పది నిమిషాలు ఒకే చోట ఆగిపోతే ఫోన్ చేయండి. 10 లోపు నాకు. 10 నుంచి 11:15 దాకా నేను మీటింగ్‌లో ఉంటాను, అప్పుడు … గారికి, ఆయన మీ ఫోన్ కోసమే ఖాళీగా ఉంటారు. ఇద్దరమూ ఎత్తకపోతే హెల్ప్‌డెస్క్ ఫోన్ నంబర్ ఇది. పోర్టల్‌కీ మెయిల్‌కీ వెళ్లొద్దు, లాగిన్ అయ్యేదాకా అవి పనిచేయవు. జీతం, బ్యాంకు, పీఎఫ్ సంగతులు మాకు తెలియవు, హెచ్‌ఆర్ ఆవిడని అడగండి.
>
> ఆ రోజు మన టైమ్ రాత్రి 7:30కి (డాలస్‌లో పొద్దున్న 9) పరిచయాల కాల్. తర్వాతి రోజుల్లో టైమ్ క్యాలెండర్‌లో చూసుకోండి, మెయిల్‌లో చూడొద్దు. షిఫ్ట్ పొద్దున్న 10కి అంటే అప్పటికే లాగిన్ అయిపోయి ఉండాలని కాదు. మొదటిరోజు లాగిన్ తప్ప వేరే పని లేదు.

పొడుగే. మొదటిదానికి ఐదారు రెట్లు. పొడుగైతే చదవరు అని మా మేనేజర్ అన్నారు, నేనూ అదే భయపడ్డాను. కానీ ఉద్యోగంలో చేరబోయే మనిషి గురువారం రాత్రి ఆ మెయిల్‌ని నాలుగుసార్లు చదువుతాడు, ఇంట్లోవాళ్లకి చదివి వినిపిస్తాడు కూడా. చదవనిది మూడేళ్ల తర్వాత. ఒకటి మాత్రం జాగ్రత్త పడ్డాను: చేయాల్సిన వరసలోనే రాశాను, కంపెనీ చరిత్ర, టీమ్ విలువలు అవేవీ పెట్టలేదు.

జులైలో

తర్వాత చేరిన అబ్బాయి జులై 7న, అదీ సోమవారమే, వరంగల్‌లో ఇంటి నుంచి. బుధవారం హెచ్‌ఆర్ కాల్, గురువారం మెయిల్. సోమవారం 9:40కి నేను ఫోన్ చేశాను, 9:52కి లాప్‌టాప్ సర్దుకోవడం మొదలైంది. 10:45కి డెస్క్‌టాప్. అప్పటికి నేను మీటింగ్‌లో ఉన్నా. తోడు పెట్టిన కుర్రాడికి ఫోన్ వెళ్లింది, సమస్య ఏంటంటే ఫోన్‌లో యాప్ లేదు. వేసుకోమని రాశాను కదా అంటే, వేసుకోబోతే స్టోరేజీ లేదంది ఫోన్, అక్క పెళ్లి వీడియోలు ఉన్నాయి, ఏవి తీసేయాలో అక్కని అడగాలి అనుకుని వదిలేశాడు. అక్కని అడిగి, ఏవో తీసేసి, యాప్ వేసుకుని జత చేసేసరికి 11:20. కోడ్ 1:30 దాకా బతికే ఉంది కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. గంట కోడ్ అయ్యుంటే మళ్లీ ఐటీ చుట్టూ తిరిగేవాళ్లం.

దానివల్ల మెయిల్‌లో ఒక మార్పు చేశాం. 'యాప్ వేసుకోండి' తర్వాత 'వేసుకున్నాక ఈ మెయిల్‌కి అయింది అని జవాబివ్వండి, ఆదివారం సాయంత్రానికి జవాబు రాకపోతే నేనే ఫోన్ చేస్తాను' అని చేర్చాం. మార్చిలో ఆ అమ్మాయి కూడా 'అయిపోయింది' అనే చెప్పింది, అది వేరే అకౌంట్‌కి. అందుకే ఆదివారం జవాబు యాప్ ఉందా లేదా అన్నదానికి మాత్రమే. జత అయిందా లేదా అన్నది సోమవారం యాప్‌లో కంపెనీ పేరు చూశాకే ఒప్పుకుంటాం.

ఈ పద్ధతికి అందని చోట్లు రెండు తగిలాయి. సొంత ఫోన్‌లో కంపెనీ యాప్ వేసుకోను అనేవాళ్లు ఉంటారు, అది వాళ్ల హక్కు. వాళ్ల కోసం ఐటీ దగ్గర అంకెలు చూపించే చిన్న టోకెన్లు ఉన్నాయి, కానీ దాన్ని లాప్‌టాప్ డబ్బాలోనే పెట్టి పంపాలి, అంటే గురువారం కాదు, కొరియర్ కట్టకముందే అడగాలి. ఇప్పుడు హెచ్‌ఆర్ ఆవిడ బుధవారం కాల్ కంటే వారం ముందే ఆ ఒక్క ప్రశ్న అడుగుతోంది. రెండోది కొరియర్. లాప్‌టాప్ సోమవారానికి చేరకపోతే పై మెయిల్ మొత్తం వృథా. శుక్రవారం మధ్యాహ్నానికి చేరినట్టు కనిపించకపోతే కోడ్ మొదలయ్యే రోజునే జరిపేస్తున్నాం, చేరే తేదీ అలాగే ఉంచి. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడుకుంటాం, అంతే.

మార్చిలో చేరిన అమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది. ఇంకొకరు చేరబోతున్నారని అక్టోబర్‌లో మెయిల్ ఆమెకిచ్చి చూడమన్నాను. 'రాత్రి 7:30' అన్న చోట ఎర్ర గీత గీసి తెచ్చింది. "వీళ్లు చేరేది నవంబర్ 3న సర్, ముందురోజు అమెరికాలో గడియారం వెనక్కి జరుపుతారు, 8:30 అని రాయాలి."